రోజూ వచ్చే మెయిల్ ఎవరూ చదవరు

శంషాబాద్‌లో అద్దెకు దిగిన కొత్తలో విమానం ఇంటిమీదుగా పోయిన ప్రతిసారీ తలెత్తి చూసేవాణ్ణి. రెండు నెలల తర్వాత ఊరి నుంచి మా మేనమామ వచ్చాడు. "ఈ మోతల ఎట్ల పంటున్నవ్‌రా?" అని అడిగాడు. "ఏ మోత మామా?" అన్నాను. నా చెవులకేం కాలేదు. ఆ చప్పుడు విని నేను చేయాల్సిన పనేమీ లేదని బుర్ర తేల్చేసుకుంది, అంతే. ఆఫీసుల్లో అలర్ట్ మెయిళ్లకీ సరిగ్గా ఇదే జరుగుతుంది.

ఈ వారం జాబ్‌ల గురించి మాట్లాడుకుందాం. ఉద్యోగాలు కాదు, కంగారుపడకండి. రాత్రి మనుషులు పడుకున్నాక సర్వర్లు వాటంతటవే చేసుకునే పనుల్ని మా భాషలో జాబ్‌లంటారు. బ్యాకప్ తీయడం, ఒకచోటి డేటా ఇంకోచోటికి చేర్చడం, పొద్దున్నకి రిపోర్టు రెడీగా ఉంచడం లాంటివి. లైనక్స్‌లో వీటిని టైమ్‌కి లేపే పాత పనివాడి పేరు క్రాన్. పగలు యాప్ పడిపోతే ఐదు నిమిషాల్లో కస్టమర్లే గోల పెడతారు. రాత్రి జాబ్ పడిపోతే గోల పెట్టేవాడు లేడు. అందుకే దానికి అలర్ట్ కావాలి. అందుకే ఆ అలర్ట్ పాడైపోవడం కూడా ఎవరికీ తెలియదు.

మా ఆఫీసు ఎయిర్‌పోర్ట్ దగ్గరే. పేరు వద్దులెండి, సరుకు రవాణా చేసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాం. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు ఎన్నో మీకు తెలుసు. ఆ మందుల్లో కొన్నింటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి విమానం దాకా తీసుకెళ్లాలి. పొద్దున వెళ్లే విమానానికి ఏ పెట్టెలు కోల్డ్ రూమ్ నుంచి బయటికి తీయాలో ఒక లిస్టు కావాలి. ఆ లిస్టును రాత్రి 1:30కి ఒక జాబ్ తయారు చేస్తుంది. గోడౌన్‌లో లోడింగ్ తెల్లవారుజామున 5:00కి మొదలవుతుంది.

నేను చేరేసరికే అక్కడ 31 రాత్రి జాబ్‌లు నడుస్తున్నాయి. ప్రతిదీ అయిపోగానే ఒక మెయిల్ పంపేది. ఇవి కాక కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రత రికార్డుల్ని కాపీ చేసే జాబ్ ఒకటుంది. పావుగంటకోసారి నడుస్తుంది కాబట్టి రోజుకి దానివే 96 మెయిళ్లు. మొత్తం 127. టీమ్‌లో ప్రతి ఒక్కరూ వాటిని ఒక ఫోల్డర్‌లోకి తోసే రూల్ పెట్టుకున్నారు. ఎవరూ చెప్పుకోలేదు గానీ అందరిదీ ఒకటే ఐడియా. నేను వచ్చాక ఒక పని చేశాను. రెండు వారాలపాటు ఆ ఫోల్డర్‌ని ముందేసుకుని, ఏ మెయిల్ చూసి ఎవరు ఏం చేశారో నోట్‌బుక్‌లో రాశాను. 1,778 మెయిళ్లలో ఆరింటికి మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒకటి చేశారు. మిగతావి మన ఇంటిమీది విమానాలే.

ఇందులో క్రాన్ గుణం కూడా కొంత ఉంది. జాబ్ పాసైందా ఫెయిలైందా అన్నది క్రాన్‌కి అసలు పట్టదు. జాబ్ స్క్రీన్ మీద ఏదైనా రాస్తే, ఆ రాసినదాన్ని `MAILTO` లో ఉన్న అడ్రస్‌కి పంపుతుంది. ఏమీ రాయకపోతే ఏమీ పంపదు. అంటే "అయిపోయింది" అని రాసే మంచి స్క్రిప్టు రోజూ విసిగిస్తుంది. నోరు మెదపకుండా చచ్చిపోయిన స్క్రిప్టు ఒక్క మెయిల్ కూడా పంపదు. పిల్లాడు ఏడిస్తేనే చూసే అమ్మ అనుకోండి, ఏడవలేని స్థితిలో ఉన్న పిల్లాడి సంగతి?

ఒకరోజు పొద్దున 5:10కి గోడౌన్ సూపర్‌వైజర్ నుంచి మా సీనియర్‌కి ఫోన్. "సార్, ఇయ్యాల లిస్టుల ఏం లేదు. ఖాళీగొచ్చింది. పెట్టెలు బయటికి తియ్యాల్నా వద్దా?" మా ఫోల్డర్‌లో మాత్రం 1:42కే "SUCCESS" అని మెయిల్ వచ్చి పడుంది. అది అబద్ధం ఆడలేదు. బుకింగ్‌ల ఫైల్ ఇచ్చే వాళ్లు ఆ రాత్రి ఖాళీ ఫైల్ పెట్టారు. స్క్రిప్టు దాన్ని శ్రద్ధగా చదివి, శ్రద్ధగా ఖాళీ లిస్టు చేసి, పని అయిపోయిందని చెప్పింది. ఆ పొద్దున సూపర్‌వైజర్ పేపర్ బుకింగ్‌లు తిరగేసి చేత్తో లిస్టు రాసుకున్నాడు.

పెద్ద కంపెనీల్లో ఇలా జరగదనుకోకండి. రెండు కథలు చెప్తాను. ఒకదాంట్లో మెయిళ్లు వచ్చాయి, ఎవరూ చూడలేదు. ఇంకోదాంట్లో మెయిళ్లు రాలేదు, రావట్లేదని ఎవరికీ తెలియలేదు.

మొదటిది అమెరికాలో షేర్ల కంపెనీ నైట్ క్యాపిటల్. 2012 ఆగస్టు 1న కొత్త కోడ్ వాడకంలోకి రావాలి. ఎనిమిది సర్వర్లలో ఒకదానిమీద దాన్ని ఎక్కించనే లేదు, అక్కడ ఎప్పటిదో పాత కోడ్ మిగిలిపోయింది. మార్కెట్ 9:30కి తెరుస్తారు. 8:01 నుంచి వాళ్ల సిస్టమ్ ఒక గ్రూపు ఉద్యోగులకి "Power Peg disabled" అనే మాటతో మెయిళ్లు పంపడం మొదలెట్టింది. మార్కెట్ తెరిచేలోగా అలాంటివి 97 వెళ్లాయి. ఆ పాత కోడ్ పేరే పవర్ పెగ్. గంటన్నర ముందే జబ్బు పేరు చెప్పి మరీ మెయిల్ వచ్చిందన్నమాట. కానీ అవి అలర్ట్‌లుగా తయారు చేసినవి కావు, వాటిని చూడటం ఎవరి పనీ కాదు. మార్కెట్ తెరిచాక 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకి పైగా పోయాయి.

రెండోది గిట్‌ల్యాబ్, మాలాంటివాళ్లు కోడ్ దాచుకునే చోటు. 2017 జనవరి 31న ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో ఫైళ్లు తుడిచేశాడు. సరే, బ్యాకప్ ఉందిగా అని వెళ్లి చూస్తే బ్యాకప్ ఉండాల్సిన చోటు ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్. బ్యాకప్ తీసే `pg_dump` మాత్రం 9.2. పాతది కొత్తదాన్ని చదవలేక ప్రతిసారీ ఫెయిలవుతోంది. క్రాన్ ఫెయిల్ మెయిళ్లు పంపుతూనే ఉంది. కానీ ఆ మెయిళ్లకి డీమార్క్ సరిగా లేదని, అందుకునే మెయిల్ సర్వర్ వాటిని గుమ్మంలోనే తిప్పి పంపేస్తోంది. ఎవరికీ ఏమీ చేరలేదు. ఏమీ రావట్లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. చివరికి ఒక ఇంజినీర్ వేరే పనికోసం ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న కాపీ ఉండబట్టి బతికారు. మధ్యలో ఆ ఆరు గంటల డేటా పోయింది.

రెండు కథల్నీ పక్కపక్కన పెడితే పాత పద్ధతి రెండు చివర్లా ఎలా తెగుతుందో కనిపిస్తుంది. ప్రతిదానికీ మెయిల్ పంపితే మనుషులు వినడం మానేస్తారు. ఫెయిలైతేనే పంపుదామంటే, చెప్పే నోరే పడిపోయినప్పుడు నిశ్శబ్దం శుభవార్తలా ఉంటుంది. మేము చేసిందేమిటంటే లెక్కని తిరగేశాం. జాబ్ మనిషికి ఏమీ చెప్పదు. పని అయ్యాక వేరేచోట ఉన్న ఒక కాపలా ప్రోగ్రామ్‌కి "నేను బతికే ఉన్నా" అని ఒక చిన్న పలకరింపు మాత్రం పంపుతుంది. ఆ పలకరింపు ఫలానా టైమ్‌లోపు రాకపోతే కాపలావాడు మనిషిని లేపుతాడు. స్క్రిప్టు క్రాష్ అయినా, సర్వర్ కాలిపోయినా, క్రాన్‌లో ఆ లైన్‌నే ఎవరో తీసేసినా ఫలితం ఒకటే. పలకరింపు రాదు, ఫోన్ మోగుతుంది.

మరి "ఫలానా టైమ్" ఏది? చాలామంది ఇక్కడే తొందరపడతారు. జాబ్ 1:30కి మొదలై 12 నిమిషాల్లో అయిపోతుంది కదా, 1:45కి రాకపోతే లేపేద్దాం అంటారు. అప్పుడు నెట్‌వర్క్ రెండు నిమిషాలు తుమ్మినా ఒకడి నిద్ర పోతుంది. మేము అటునుంచి కాకుండా 5:00 నుంచి వెనక్కి లెక్కపెట్టాం. జాబ్‌ని మళ్లీ నడిపి లిస్టు తేవడానికి 12 నిమిషాలు, అటూఇటూగా 20 అనుకుందాం. నిద్రలేచి, మొహం కడుక్కుని, ల్యాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కలిసి, ఏమైందో పట్టుకోవడానికి 45. మొదటివాడు ఫోన్ ఎత్తకపోతే రెండోవాడికి వెళ్లడానికి 15. మొత్తం 80 నిమిషాలు. 5:00లోంచి తీసేస్తే 3:40. అంతకుముందు ఎవర్నీ లేపక్కర్లేదు. లేపినా లోడింగ్‌కి ఒరిగేదేమీ లేదు.

1:30కీ 3:40కీ మధ్య ఉన్న రెండు గంటల పైచిలుకు ఊరికే పోలేదు. జాబ్‌ని 2:00, 2:30, 3:00కి మళ్లీ ప్రయత్నించమన్నాం. ముందే లిస్టు వచ్చేసి ఉంటే ఏమీ చేయకుండా వెళ్లిపోతుంది. ఖాళీ ఫైల్ లాంటి తంటాలు చాలావరకు అవతలివాళ్లు కాస్త ఆలస్యంగా పెట్టడం వల్ల వచ్చేవే. రెండోసారో మూడోసారో సర్దుకుంటాయి, మనిషికి తెలియనే తెలియదు. ఒక షరతు ఉంది. జాబ్‌ని ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే రావాలి. పాత లిస్టు కింద కొత్తది అతికించే స్క్రిప్టయితే మూడోసారికి ఒకే పెట్టె మూడుసార్లు లోడింగ్‌కి వస్తుంది. అందుకే కొత్త ఫైల్ పక్కన తయారు చేసి, చివర్లో ఒక్కసారి పాతదాని స్థానంలో పెడతాం. ప్రధాన భాగం ఇంతే:

```
#!/bin/bash
set -euo pipefail
/opt/jobs/make_list.sh > /data/list.new
[ "$(wc -l < /data/list.new)" -gt 1 ]
mv /data/list.new /data/list.csv
curl -fsS -m 10 --retry 3 "$PING_URL"
```

రెండో లైన్ వల్ల ఎక్కడ తప్పు జరిగినా స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, కింది లైన్లకి వెళ్లదు. నాలుగో లైన్ చూడండి. ఫైల్‌లో హెడ్డింగ్ కాక కనీసం ఒక్క పెట్టె అయినా ఉందా అని అడుగుతోంది. లేకపోతే పలకరింపు దాకా వెళ్లదు. ఆ పొద్దున "SUCCESS" అని వచ్చిన రాత్రి ఈ ఒక్క లైన్ ఉండుంటే సూపర్‌వైజర్ పేపర్లు తిరగేయాల్సిన పని ఉండేది కాదు. చివరి లైన్‌లో పలకరింపు పంపడమే విఫలమైతే, లిస్టు బాగానే ఉన్నా ఫోన్ మోగుతుంది. అది తప్పుడు అలారమే. కానీ తప్పితే ఆ వైపే తప్పాలి.

లిస్టు ఖాళీగా కాకుండా సగమే వస్తే? దీనిమీద మా టీమ్‌లో పెద్ద చర్చే జరిగింది. రోజూ ఎన్ని పెట్టెలు వస్తాయో చూసి, మూడో వంతుకి తగ్గితే లేపుదాం అన్నారు. పాత రికార్డులమీద నడిపి చూస్తే ఆదివారాలు, సంక్రాంతి, దసరా అన్నీ మోగాయి. వారంలో అదే రోజుతో పోల్చి చూసినా పండగలు మిగిలాయి. చివరికి ఫోన్ అలారం వద్దనుకున్నాం. సంఖ్య తగ్గిన రోజు లిస్టు పైనే ఒక లైన్ వస్తుంది: "ఈరోజు మామూలుకన్నా తక్కువ పెట్టెలున్నాయి, ఒకసారి చూసుకోండి". పండగో కాదో సూపర్‌వైజర్‌కి మాకన్నా బాగా తెలుసు. మాలో ఎవరికీ తెలియని విషయానికి మాలో ఒకణ్ణి లేపి ఏం లాభం?

96 మెయిళ్ల జాబ్‌ది వేరే కథ. ఉష్ణోగ్రత అనగానే అందరూ భయపడతారు, మందులు కదా. కానీ కోల్డ్ రూమ్ వేడెక్కితే మోగే సైరన్ ఆ గదికే ఉంది, అక్కడి మనిషే పరిగెడతాడు. మా జాబ్ చేసేది ఆ అంకెల్ని మా డేటాబేస్‌లోకి కాపీ కొట్టడం మాత్రమే. ఒక పావుగంట కాపీ తప్పిపోయినా అంకెలు లాగర్‌లోనే ఉంటాయి, తర్వాత తెచ్చుకోవచ్చు. అంటే రాత్రి ఎవరూ లేవక్కర్లేదు. వరుసగా ఎక్కువసేపు తప్పితే పొద్దున 9 గంటల లిస్టులో ఒక లైన్‌గా వస్తుంది, అంతే. 96 మెయిళ్లు సున్నా అయ్యాయి. వస్తువు ఎంత ముఖ్యమైనదన్నది కాదు ఇక్కడ చూడాల్సింది, ఇప్పుడు లేవకపోతే ఏం పోతుందన్నది. 31 రాత్రి జాబ్‌లనీ ఇదే ప్రశ్న అడుగుతూ పోతే ఫోన్ మోగించే అర్హత ఉన్నవి నాలుగు తేలాయి. మిగతావన్నీ పొద్దుటి లిస్టుకి వెళ్లాయి.

కాపలావాడు ఎక్కడుండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. మా జాబ్‌లు అమెజాన్ వాళ్ల హైదరాబాద్ రీజియన్‌లో, అంటే 2022 నవంబరులో మొదలైన `ap-south-2` లో నడుస్తాయి. కాపలావాణ్ణి కూడా అక్కడే పెడితే, ఆ రీజియన్‌కి ఏదైనా అయిన రాత్రి ఇద్దరూ కలిసి పడుకుంటారు. అందుకే వాణ్ణి ముంబై రీజియన్ `ap-south-1` లో పెట్టాం. మరి వాడే పడుకుంటే? దానికోసం ఒక ఉత్తుత్తి జాబ్ ఉంది. నెలకోసారి పగలు, అందరూ ఆఫీసులో ఉన్నప్పుడు, దాని పలకరింపుని కావాలని ఆపేస్తాం. ఆ వారం డ్యూటీలో ఉన్నవాడి ఫోన్ మోగాలి. గిట్‌ల్యాబ్ మెయిళ్లు గుమ్మంలో ఆగిపోతున్నాయని ఇలాంటి పరీక్ష ఒక్కటి పెట్టినా బయటపడేది.

మొదటిసారి మేం పరీక్ష పెట్టినప్పుడు ఒకడి ఫోన్ మోగలేదు. మెసేజ్ వెళ్లింది, కాల్ కూడా వెళ్లింది. వాడి ఫోన్ డూ నాట్ డిస్టర్బ్‌లో ఉంది, పగలు కూడా! "రాత్రి పెట్టిన, తియ్యడం మర్చిపోయిన అన్నా" అన్నాడు. అలారం కాల్ వచ్చే నంబర్‌ని కాంటాక్టుల్లో స్టార్ పెట్టి దాచుకుంటే, ఆ సెట్టింగ్‌లో స్టార్ పెట్టినవాళ్లకి అనుమతిస్తే, మిగతా ఫోనంతా సైలెంట్‌గా ఉన్నా అది మోగుతుంది. ఇప్పుడు డ్యూటీ ఎక్కే ప్రతివాడూ ముందు ఆ స్టార్ చూపించాలి.

ఇక ఫోన్ మోగాక స్క్రీన్ మీద ఏముంటుంది? ముందు `job_17 failed, exit 1` అని ఉండేది. నిద్రమత్తులో పదిహేడోది ఏదో వెతుక్కోవడానికే పది నిమిషాలు పోయేవి. ఇప్పుడు ఇలా వస్తుంది: "పొద్దుటి లోడింగ్ లిస్టు రాలేదు. నాలుగుసార్లు ప్రయత్నించాం. 5:00కి లోడింగ్. ముందు బుకింగ్ ఫైల్ వచ్చిందో లేదో చూడు. రాకపోతే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి పేపర్ లిస్టు మొదలుపెట్టమను." చివరి వాక్యం చేర్చమన్నది సూపర్‌వైజరే. "మీరు బాగుచేసుకుంట కూసోండి గనీ, నాకు నాలుగింటికే చెప్తే నా పని నేను సురు చేస్త" అన్నాడు. అవతలి కంపెనీ ఫైల్ పెట్టకపోతే మేము రాత్రంతా మేలుకున్నా చేయగలిగింది లేదని మాకన్నా ముందు ఆయనకే అర్థమైంది.

ఇంకో జాగ్రత్త. డేటాబేస్ పడిపోతే దానిమీద ఆధారపడ్డ జాబ్‌లన్నీ ఒకేసారి పలకవు. ఫోన్ మోగించే నాలుగూ వరుసగా మోగితే మనిషి నాలుగోదానికల్లా ఫోన్ పక్కన పడేస్తాడు. పది నిమిషాల్లో వచ్చినవన్నీ కలిపి ఒకే కాల్‌గా పంపేలా పెట్టాం, లోపల ఏవేవి ఆగాయో లిస్టు ఉంటుంది.

మొదటి నెలలో ఐదుసార్లు ఫోన్ మోగింది. అందులో రెండు అనవసరం. అనవసరంగా మోగిన ప్రతిదాన్నీ మర్నాడు కోడ్‌లో బగ్ వచ్చినట్టే తీసుకుంటాం, టికెట్ వేసి ఒకరికి అప్పగిస్తాం. "పోనీలే, ఒక్కసారేగా" అన్నామంటే మళ్లీ ఫోల్డర్ రూల్ మొదలవుతుంది. ఆ రెండింట్లో ఒకటి ఆ రాత్రి విమానమే లేని రూటు కోసం మోగింది. షెడ్యూల్ చూసి, లోడింగ్ ఉన్న రోజే కాపలా కాయమని మార్చాం.

ఇంకా తెగనిది నెలకోసారి నడిచే బిల్లింగ్ జాబ్. రోజూ నడిచేదైతే ఒకరోజు పాడైతే మర్నాటికి బాగుపడుతుంది. ఇది నెలాఖరున ఒక్కసారే నడుస్తుంది, ఆరోజు పోతే పోయినట్టే. ముప్పై రోజుల్లో పాస్‌వర్డ్ మారొచ్చు, ఫోల్డర్ పేరు మారొచ్చు, దాన్ని రాసినవాడే కంపెనీ మారొచ్చు. అందుకే ఇప్పుడు దాన్ని ప్రతి రాత్రీ ఉత్తుత్తిగా నడుపుతున్నాం, ఒక్క బిల్లు కూడా బయటికి పంపకుండా. అది ఆగిపోతే ఫోన్ కాదు, పొద్దుటి లిస్టులో ఒక లైన్. బాగుచేసుకోవడానికి నెలాఖరు దాకా టైమ్ ఉంటుంది. 30వ తారీఖున ఆగితే మాత్రం ఆ లైన్ సరిపోదు. చివరి మూడు రోజులకి ఫోన్ పెట్టాలా వద్దా అన్నదానిమీద ఈ శుక్రవారం మీటింగ్ ఉంది.